మూడక్షరాల నత్తి: హంటింగ్టన్ వ్యాధి తరతరానికీ ఎందుకు తొందరపడుతుంది, ఒళ్లు ఎందుకు ఆడుతుంది

అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఒక వైద్యుడు గుర్రబ్బండి మీద రోగుల ఇళ్లకు వెళ్తూ కొడుకును వెంట తీసుకెళ్లేవాడు. ఒకరోజు అడవి దారిలో ఇద్దరు ఆడవాళ్లు ఎదురయ్యారు. తల్లీ కూతుళ్లు. ఇద్దరూ పొడవుగా, బక్కచిక్కి ఉన్నారు. వంగుతూ, మెలికలు తిరుగుతూ, ముఖం చిట్లిస్తూ నడుస్తున్నారు. ఆ దృశ్యం పిల్లాడి మనసులో నాటుకుపోయింది. అతని పేరు జార్జ్ హంటింగ్టన్. తండ్రి, తాత ఇద్దరూ అక్కడే వైద్యం చేసినవాళ్లు కావడంతో కొన్ని కుటుంబాల్లో తరాల తరబడి ఏం జరిగిందో ఆ ఇంట్లో తెలుసు. డాక్టరు పట్టా పుచ్చుకున్న కొద్ది కాలానికే, 1872లో, 22 ఏళ్ల వయసులో, హంటింగ్టన్ ఆ జబ్బు గురించి ఒక చిన్న వ్యాసం అచ్చు వేయించాడు.

అందులో మూడు గుర్తులు చెప్పాడు. ఇది వంశపారంపర్యంగా వస్తుంది. మతి చలించడం, ఆత్మహత్య వైపు మొగ్గడం దీనికి తోడుంటాయి. పెద్దయ్యాకే తీవ్రంగా బయటపడుతుంది. ఇంకో మాట కూడా రాశాడు: ఎవరైనా ఈ జబ్బు రాకుండానే జీవితం గడిపేస్తే వాళ్ల సంతానానికి ఆ దారం తెగిపోయినట్టే, మనవల్లో మళ్లీ తల ఎత్తదు. మెండెల్ సూత్రాలు లోకానికి తెలియని రోజుల్లో ఒక యువ వైద్యుడు ఇళ్లిళ్లూ తిరిగిన అనుభవంతో తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి అందినా చాలనే ప్రబల వారసత్వాన్ని ఇంత స్పష్టంగా చెప్పడం గొప్ప సంగతి.

రెండు ప్రశ్నలు మాత్రం ఆ తర్వాత వందేళ్లకు పైగా తేలలేదు. తాతకు అరవై ఏళ్లప్పుడు వచ్చిన జబ్బు తండ్రికి నలభైలో, మనవడికి పదిహేనులో ఎందుకు వస్తుంది? పుట్టుకతోనే ఒంట్లో ఉన్న లోపం నలభై ఏళ్లు ఊరుకుని, ఆ తర్వాత మెదడులో ప్రధానంగా ఒక్క చోటే దెబ్బతీసి, ఒంటిని నాట్యమాడించినట్టు ఎందుకు ఆడిస్తుంది? ఇవి వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి. ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి రెండింటి వెనకా ఉన్నది ఒకే ప్రక్రియ. డీఎన్‌ఏలో ఒక చోట మూడక్షరాల మాట పదేపదే వస్తుంది. ఆ వరుస నిలకడగా ఉండదు, పెరుగుతూ పోతుంది. తండ్రి వీర్యకణాల్లో పెరిగితే జబ్బు తర్వాతి తరానికి ముందుగా వస్తుంది. మనిషి సొంత మెదడు కణాల్లో పెరిగితే ఆ కణాలు చనిపోతాయి.

సీఏజీ, సీఏజీ, సీఏజీ

నాలుగో క్రోమోజోమ్ పొట్టి భుజం చివరి దగ్గర హంటింగ్‌టిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు ఉంది. వెనెజులాలో మారకైబో సరస్సు ఒడ్డున ఉన్న పల్లెల్లో ఈ జబ్బు అసాధారణంగా ఎక్కువ. నాన్సీ వెక్స్‌లర్ బృందం అక్కడి కుటుంబాల వంశవృక్షాలు గీసి, రక్తం నమూనాలు సేకరించింది. ఆ నమూనాల సాయంతో 1983లో జేమ్స్ గుసెల్లా బృందం జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉందో పట్టుకుంది. అసలు జన్యువు దొరకడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1993లో దొరికినప్పుడు లోపం ఎంత చిన్నదో చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. జన్యువు మొదట్లోనే సీఏజీ అనే మూడక్షరాలు వరుసగా వస్తాయి. అందరిలోనూ వస్తాయి. తేడా అంతా ఎన్నిసార్లు వస్తాయన్నదే.

ఎక్కువమందిలో ఆ సంఖ్య 20కి అటూ ఇటూగా ఉంటుంది. 26 దాకా మామూలే. 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, మనిషి నిండు వయసు దాకా బతికితే జబ్బు వచ్చి తీరుతుంది. 36 నుంచి 39 మధ్య ఉన్నవాళ్లలో కొందరికి వస్తుంది, కొందరికి రాదు. వచ్చినా ముసలితనంలో వస్తుంది. ఇక 27 నుంచి 35 దాకా ఉన్నది గట్టు మీద నిలబడ్డట్టు. ఆ మనిషికి జబ్బు రాదు, కానీ ఆ వరుస పిల్లలకు అందేటప్పుడు పెరిగి హద్దు దాటవచ్చు.

ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక్క ప్రతిలో వరుస పొడవైనా జబ్బుకు చాలు. అందుకే జబ్బున్న వ్యక్తికి పుట్టే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. మన కుటుంబాల్లో జన్యు జబ్బు అనగానే మేనరికం గుర్తుకొస్తుంది. రెండు ప్రతులూ చెడితే తప్ప బయటపడని జబ్బుల విషయంలో ఆ భయం సరైనదే. హంటింగ్టన్ విషయంలో మాత్రం మేనరికం కారణం కాదు. పరాయి సంబంధం చేసుకున్నా సగం అవకాశం సగంగానే ఉంటుంది. వెనెజులా కుటుంబాల్లో తల్లిదండ్రులిద్దరికీ జబ్బుండి, రెండు ప్రతులూ పొడవుగా వచ్చినవాళ్లు కూడా కనిపించారు. వాళ్లకు జబ్బు మొదలైన వయసు ఒక్క ప్రతి ఉన్నవాళ్లతో పోలిస్తే పెద్దగా వేరుగా లేదు.

తరం మారితే తొందర

ఒక జబ్బు తరతరానికీ చిన్న వయసులో రావడాన్ని వైద్యంలో యాంటిసిపేషన్ అంటారు. మాట పాతదే. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బ్రిటన్‌లో ఫ్రెడరిక్ మాట్ మానసిక జబ్బులున్న కుటుంబాలను చూసి దీన్నొక సూత్రంలా ప్రతిపాదించాడు. కానీ జన్యుశాస్త్రజ్ఞులు నమ్మలేదు. జన్యువు తల్లిదండ్రుల నుంచి ఎలా ఉన్నది అలాగే పిల్లలకు అందుతుందని అప్పటి అవగాహన. అందుతూ అందుతూ బలం పెంచుకునే జన్యువుకు అందులో చోటు లేదు. 1948లో లయొనెల్ పెన్‌రోజ్ మయోటోనిక్ డిస్ట్రఫీ అనే కండరాల జబ్బు గురించి రాస్తూ ఇదంతా లెక్కలో జరిగే పొరపాటని వాదించాడు.

ఆ వాదన తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. వైద్యుడి దగ్గరికి వచ్చిన కుటుంబంలో తల్లిదండ్రుల తరం ఎలాంటిది? పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, పెంచగలిగినవాళ్లు. అంటే జబ్బు ఆలస్యంగా వచ్చినవాళ్లే. పదిహేనేళ్లకే జబ్బు పడినవాళ్లకు సంతానం ఉండదు కాబట్టి వాళ్లు ఎవరి లెక్కలోనూ తల్లిదండ్రులుగా కనిపించరు. పిల్లల తరంలో చూస్తే, ఇప్పటికే జబ్బు బయటపడినవాళ్లు, అంటే తొందరగా వచ్చినవాళ్లు, ముందు లెక్కకెక్కుతారు. ఆలస్యంగా రాబోయే అన్నదమ్ములు ఇంకా ఆరోగ్యంగా తిరుగుతుంటారు. ఈ రెండూ కలిస్తే జన్యువులో ఏ మార్పూ లేకపోయినా పిల్లలకు తొందరగా వస్తున్నట్టే కనిపిస్తుంది. పెన్‌రోజ్ చెప్పిన ఈ పక్షపాతం నిజమే. ఇప్పుడు కూడా ఒక కుటుంబం కథ విన్నప్పుడు దీన్ని తీసేసి చూడాలి. తీసేశాక కూడా మిగిలేది ఉందని తెలియడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది. 1991లో ఫ్రజైల్ ఎక్స్, కెనడీ వ్యాధి అనే రెండు జబ్బుల్లో మూడక్షరాల వరుస పొడవు పెరగడం కనిపించింది. మరుసటి ఏడాది మయోటోనిక్ డిస్ట్రఫీలో, 1993లో హంటింగ్టన్‌లో అదే తేలింది. అందుతూ అందుతూ మారే జన్యువు నిజంగానే ఉంది.

ఇది ఎలా నడుస్తుందో ఒక ఊహా కుటుంబంతో చూస్తే తేలిక. అంకెలు మాత్రం నిజ జీవితంలో కనిపించే తీరులోనే ఉన్నాయి. తాతకు 41 సీఏజీలు. యాభై ఆరో ఏట చేతులు కుదురుగా ఉండటం మానేశాయి, కోపం పెరిగింది. తాగుతున్నాడని ఊళ్లో అనుకున్నారు. డెబ్బై మూడేళ్లకు పోయాడు. అతనికి ఒక కూతురు, ఒక కొడుకు. కూతురికి ఆ వరుస 41గానే అందింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు వచ్చాక వేళ్లలో చిన్న కదలికలు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయి. కొడుక్కి మాత్రం 44 అయింది. నలభై ఒకటో ఏట బండి నడపడంలో తడబాటు, ఆఫీసు లెక్కల్లో తప్పులతో మొదలైంది. అప్పటికే అతనికి ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి పదిహేనేళ్లప్పుడు చదువు ఒక్కసారిగా పడిపోయింది, రాత కుదించుకుపోయింది, కాళ్లు బిగుసుకున్నాయి, తర్వాత మూర్ఛలు వచ్చాయి. వాడి వరుస 62.

ఈ కథలో గమనించాల్సినవి ఉన్నాయి. ఒకే తాత నుంచి వచ్చినా కూతురికి మారలేదు, కొడుక్కి మూడు పెరిగాయి. అంటే ప్రతి అందజేతలోనూ పెరిగి తీరుతుందని లేదు. ఎక్కువసార్లు మార్పు ఒకటి రెండు మాటలే, కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. పెద్ద గెంతు, అంటే 44 నుంచి 62కి వెళ్లడం లాంటిది, దాదాపుగా తండ్రి నుంచి వచ్చినప్పుడే కనిపిస్తుంది. ఇరవై ఏళ్లలోపే జబ్బు పడిన పిల్లల్లో ఎక్కువమందికి అది తండ్రి వైపు నుంచే వచ్చి ఉంటుంది. తల్లి నుంచి వచ్చినప్పుడు వరుస కొద్దిగా పెరగవచ్చు, తగ్గవచ్చు, గెంతులు అరుదు. ఆడవాళ్ల అండకణాల విభజనలు దాదాపుగా వాళ్లు పుట్టకముందే ముగుస్తాయి. మగవాళ్లలో వీర్యకణాల తయారీ జీవితాంతం సాగుతూనే ఉంటుంది. ఒకే మనిషి వీర్యంలో ఒక్కో కణంలో ఒక్కో పొడవు కనిపిస్తుంది. ఏ కణం బిడ్డవుతుందో అది ఆ బిడ్డ అదృష్టం.

మామూలుగా ఉన్న కుటుంబంలో జబ్బు ఉన్నట్టుండి పుట్టినట్టు కనిపించడానికి కూడా ఇదే కారణం. 33 సీఏజీలున్న తండ్రి చివరిదాకా ఆరోగ్యంగానే ఉంటాడు, బిడ్డకు మాత్రం 41 అందవచ్చు. మా వంశంలో ఎవరికీ లేదు అన్న మాట అబద్ధం కాకపోవచ్చు. అలాగే, వంశంలో ఉన్నా తెలియకపోయి ఉండవచ్చు. జబ్బు రాకముందే ప్రమాదంలో పోయిన నాన్నో, పిచ్చి పట్టిందని, గాలి సోకిందని చెప్పుకున్న నానమ్మో ఆ గొలుసులో కనబడని లంకె అయి ఉండవచ్చు.

వరుస పొడవుకూ, జబ్బు మొదలయ్యే వయసుకూ సంబంధం బలమైనదే. 40 ఉన్నవాళ్లలో సగటున అరవై దగ్గర, 45 ఉన్నవాళ్లలో నలభైలోపు, 50 దాటితే ఇరవైల్లో, 60 దాటితే సాధారణంగా బాల్యంలోనో యవ్వనారంభంలోనో. కానీ ఇవి సగటులే. వయసులో కనిపించే తేడాలో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా మాత్రమే పొడవు వివరిస్తుంది. ఒకే 42 ఉన్న ఇద్దరిలో ఒకరికి నలభైలోనూ, ఇంకొకరికి అరవైలోనూ రావచ్చు. ఆ మిగిలిన తేడాను వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకే అసలు సంగతి దొరికింది.

ఎక్కడ తడబడుతుంది

డీఎన్‌ఏ రెండు పోగులు పేనిన తాడు లాంటిది. ఒక పోగులోని అక్షరాలు రెండో పోగులోని జోడీ అక్షరాలతో అతుక్కుని ఉంటాయి. మామూలు చోట్ల పోగులు విడిపోయి మళ్లీ కలిసినా సరైన జోడీ ఒక్కటే కాబట్టి సరిగ్గా కూర్చుంటాయి. సీఏజీ, సీఏజీ అని నలభైసార్లు వచ్చే చోట మాత్రం ఏది ఏదో తెలియదు. ఒక పోగు జారి నాలుగు మాటల అవతల అతుక్కున్నా జోడీ కుదిరినట్టే ఉంటుంది. జారిన భాగం పక్కకు చిన్న మెలిలా ఉబ్బుతుంది.

కణంలో తప్పులు సరిదిద్దే యంత్రాంగం ఉంది. అక్షరం తప్పుపడితే కత్తిరించి, సరిగ్గా పూరిస్తుంది. అందులో ఎంఎస్‌హెచ్3 అనే ప్రోటీన్ పని ఇలాంటి మెలికలను కనిపెట్టడం. కనిపెట్టాక ఎంఎల్‌హెచ్1 తదితర ప్రోటీన్లు వచ్చి ఒక పోగును కోస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. మెలి ఉన్న పోగును కోసి సరిచేయాల్సింది పోయి, ఎదుటి పోగును కోసి, ఆ మెలి పొడవుకు సరిపడా కొత్త అక్షరాలు నింపేస్తుంది. తప్పు దిద్దబోయి తప్పును శాశ్వతం చేస్తుంది. వరుస ఒకటి రెండు మాటలు పెరుగుతుంది. వరుస పొడవైనకొద్దీ మెలికలు పడే అవకాశం పెరుగుతుంది కాబట్టి పెరుగుదల వేగం కూడా పెరుగుతుంది. ఎఫ్ఏఎన్1 అనే మరో ప్రోటీన్ ఈ పనికి అడ్డుపడుతుంది.

హంటింగ్టన్ ఉన్న వేలమంది జన్యువులను పోల్చి, ఒకే పొడవు ఉన్నా కొందరికి జబ్బు ఎందుకు ముందు వస్తోందని వెతికితే తేలినవి సరిగ్గా ఈ పేర్లే: ఎఫ్ఏఎన్1, ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్3. నాడీకణాల పనికి సంబంధించిన జన్యువులు ముందుంటాయని ఊహించిన చోట డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు వరుస కట్టాయి.

ఇంకో ఆధారం దీనికంటే సూటిగా ఉంటుంది. సీఏజీ అనే మాట ప్రోటీన్‌లో గ్లుటమిన్ అనే పూసగా మారుతుంది. సీఏఏ అనే మాట కూడా గ్లుటమిన్‌గానే మారుతుంది. ఎక్కువమందిలో సీఏజీ వరుస చివర ఒక సీఏఏ, దాని తర్వాత ఒక సీఏజీ ఉంటాయి. కొద్దిమందిలో ఆ సీఏఏ ఉండదు, దాని స్థానంలోనూ సీఏజీయే ఉంటుంది. అప్పుడు ప్రోటీన్‌లో గ్లుటమిన్ పూసల సంఖ్యలో తేడా రాదు. డీఎన్‌ఏలో మాత్రం మధ్యలో ఆగడమన్నది లేకుండా సాగే సీఏజీ వరుస రెండు మాటలు పెరుగుతుంది. జబ్బుకు కారణం ప్రోటీన్ పొడవే అయితే ఈ ఇద్దరికీ ఒకే వయసులో రావాలి. అలా జరగదు. సీఏఏ లేనివాళ్లకు చాలా ముందుగా వస్తుంది. 2019లో వెలువడిన పరిశోధనలు ఈ సంగతి నిలబెట్టాయి. అంటే జబ్బు ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించేది ప్రోటీన్‌లోని పూసల లెక్క కాదు, డీఎన్‌ఏ వరుస ఎంత సులువుగా జారగలదన్నది. మధ్యలోని ఆ ఒక్క సీఏఏ, నత్తిగా మాట్లాడేవాళ్లకు మధ్యలో దొరికే ఊపిరిలా, వరుసను నిలబెడుతుంది.

రక్తంలో ఈ పెరుగుదల తక్కువ. మెదడు లోతుల్లోని స్ట్రయేటం అనే భాగంలో చాలా ఎక్కువ. రక్తపరీక్షలో 43 అని వచ్చిన మనిషి స్ట్రయేటంలో కొన్ని కణాల్లో వందలు కనిపించాయి. 2025లో హార్వర్డ్, బ్రాడ్ సంస్థల శాస్త్రవేత్తలు చనిపోయినవారి మెదళ్లలో ఒక్కో కణాన్నీ విడిగా చదివి దీన్ని వివరంగా చూపారు. స్ట్రయేటం ప్రధాన కణాల్లో వరుస మొదట మెల్లగా, దశాబ్దాల తరబడి పెరుగుతుంది. 80 చేరేదాకా సాధారణంగా ఎన్నో ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత వేగం అందుకుని కొన్నేళ్లలోనే 150 దాటుతుంది. 150 దాకా ఆ కణం చూడ్డానికి దాదాపు మామూలుగానే ఉంటుంది. అది దాటాక ఆ కణం తన గుర్తింపునే కోల్పోతున్నట్టు, తనకు ప్రత్యేకమైన జన్యువులను ఒక్కొక్కటిగా ఆర్పేస్తుంది, తర్వాత చనిపోతుంది.

నలభై ఏళ్లు ఏమీ కాకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఇప్పటిదాకా దొరికిన జవాబుల్లో బలమైనది ఇదే. ఏ క్షణాన చూసినా విష స్థాయికి చేరిన కణాలు కొద్దివే. ఒక్కో కణం తన దారిలో తాను, వేర్వేరు సమయాల్లో హద్దు దాటుతుంది. పుట్టుకతో 62 ఉన్న పిల్లవాడి కణాలు 80కి ఎంతో దూరంలో లేవు, అందుకే పదిహేనేళ్లకే కుప్పకూలాయి. తాత కణాలకు ఆ దూరం నడవడానికి యాభై ఏళ్లు పట్టింది. అయితే ఇదే పూర్తి కథ అని అనడానికి లేదు. పొడవైన గ్లుటమిన్ వరుస ఉన్న ప్రోటీన్ ముక్కలు కణంలో ముద్దలుగా పేరుకోవడం ఏనాడో గమనించిందే. హద్దు దాటకముందు కూడా ఆ ప్రోటీన్ కణాన్ని ఇబ్బంది పెడుతుందా, మెదడు పై పొరలోని కణాలకు జరిగే నష్టంలో దీని పాత్ర ఎంత అన్నవి ఇంకా వాదోపవాదాల్లోనే ఉన్నాయి.

ఒళ్లెందుకు ఆడుతుంది

ఒళ్లు ఇలా ఆడటాన్ని వైద్యంలో కొరియా అంటారు. గ్రీకు భాషలో నాట్యానికి ఉన్న మాట నుంచి వచ్చింది ఆ పేరు. వేలి కొస దగ్గర, భుజం దగ్గర, కనుబొమ దగ్గర, ఒక చోట మొదలై ఇంకో చోటికి జారిపోయే చిన్న చిన్న కదలికలు అవి. వణుకులా ఒకే లయలో ఉండవు. మనిషి వాటిని కప్పిపుచ్చుకోవడానికి జుట్టు సర్దుకున్నట్టో, చొక్కా లాక్కున్నట్టో చేస్తాడు. అందుకే మొదట్లో ఇంట్లోవాళ్లకు కుదురులేనితనంలా కనిపిస్తుంది.

స్ట్రయేటం అంటే మెదడు లోతుల్లో ఉన్న కాడేట్, పుటామెన్ అనే రెండు ముద్దలు. అక్కడి కణాల్లో అత్యధికం మీడియం స్పైనీ న్యూరాన్లు. అవి గాబా అనే రసాయనం వదులుతాయి. గాబా చేసే పని ఆపడం. కాబట్టి స్ట్రయేటం ఎవరినీ నేరుగా కదిలించదు, ఎవరినో ఒకరిని ఆపుతుంది. ఇది పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

స్ట్రయేటం దిగువన గ్లోబస్ పాలిడస్ ఉంది, లోపలి భాగం, వెలుపలి భాగం అని రెండుగా. లోపలి పాలిడస్ ఎప్పుడూ థలామస్ అనే మరో భాగాన్ని అదిమి పట్టి ఉంచుతుంది, కాలువ లాకు తలుపు వేసి ఉన్నట్టు. తలుపు కాస్త ఎత్తితే థలామస్ నుంచి మెదడు పై పొర అయిన కార్టెక్స్‌కు కదలిక ప్రవహిస్తుంది. ఈ తలుపు దగ్గరికి స్ట్రయేటం నుంచి రెండు దారులు ఉన్నాయి. మొదటి దారి కణాలు లోపలి పాలిడస్‌ను నేరుగా ఆపుతాయి. పట్టు సడలుతుంది, కావాల్సిన కదలిక సాగుతుంది. రెండో దారి చుట్టు తిరుగుడు. ఆ కణాలు వెలుపలి పాలిడస్‌ను ఆపుతాయి. వెలుపలి పాలిడస్ మామూలుగా సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చిన్న కేంద్రాన్ని ఆపుతూ ఉంటుంది. ఆపేవాడు ఆగిపోయాడు కాబట్టి ఆ కేంద్రం చురుగ్గా పనిచేసి లోపలి పాలిడస్‌ను ఎగదోస్తుంది. పట్టు గట్టిపడుతుంది. అక్కరలేని కదలికలు ఆగుతాయి.

హంటింగ్టన్‌లో ముందు పోయేది ఈ రెండో దారి కణాలు. 1988లో ఆంటన్ రైనర్, రోజర్ ఆల్బిన్, వారి సహచరులు చనిపోయినవారి మెదళ్లలో దీన్ని చూపారు. రెండో దారి కణాలు పోతే వెలుపలి పాలిడస్‌ను ఆపేవాళ్లుండరు. అది విజృంభించి సబ్‌థలామిక్ కేంద్రాన్ని అణచేస్తుంది. ఆ కేంద్రం నుంచి ఎగదోత తగ్గడంతో లోపలి పాలిడస్ పట్టు సడలుతుంది. లాకు తలుపు అడుగున చీలిక పడ్డట్టు, అడగని కదలికలు ఊరుతూ ఉంటాయి. కొరియా అదే. ఈ లెక్క సరైనదనడానికి వేరే జబ్బు సాక్ష్యం ఉంది. పక్షవాతంలో సబ్‌థలామిక్ కేంద్రం ఒక్కటే దెబ్బతింటే ఎదుటి వైపు చెయ్యి, కాలు విసిరేసినట్టు ఎగిరిపడతాయి. హంటింగ్టన్‌లో ఆ కేంద్రం బతికే ఉంటుంది, నోరు మాత్రం నొక్కేసి ఉంటుంది.

జబ్బు ముదిరాక మొదటి దారి కణాలు కూడా పోతాయి. తలుపు ఎత్తేవాళ్లే మిగలరు. అప్పుడు కొరియా తగ్గి, ఒళ్లు బిగుసుకుని, కదలిక నెమ్మదిస్తుంది. ఆడటం తగ్గింది, జబ్బు నయమవుతోందని ఇంట్లోవాళ్లు ఆశపడే సమయం ఇదే కావడం బాధాకరం. మనవడికి మొదటి నుంచీ కొరియా బదులు బిగుతే ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడ అర్థమవుతుంది. చిన్న వయసులో వచ్చే రకంలో రెండు దారులూ కలిసికట్టుగా దెబ్బతింటాయి. దాన్ని చూసి హంటింగ్టన్ అని అనుమానించని వైద్యులు ఉండటానికి కూడా ఇదే కారణం. ఆట లేదు కదా అనుకుంటారు.

ఈ రెండు దారుల లెక్క చక్కగా కుదురుతుంది గానీ దానికీ హద్దులున్నాయి. కొరియా బాగా ఉన్న దశలోనే చాలామందిలో కావాలని చేసే కదలికలు నెమ్మదిగా ఉంటాయి. తలుపు సడలడం ఒక్కటే కారణమైతే అలా ఉండకూడదు. కదలిక ఒక చోట నుంచి ఇంకో చోటికి ఎందుకు జారుతుందో కూడా పట్టు ఎక్కువా తక్కువా అన్న లెక్కతో చెప్పలేం. కణాలు ఎంత వేగంగా స్పందిస్తున్నాయన్నదే కాదు, ఏ తీరులో, ఏ జట్టుగా స్పందిస్తున్నాయన్నది కూడా ముఖ్యమని ఇప్పటి అవగాహన.

అయినా మందుల విషయంలో ఆ లెక్క పనికొచ్చింది. డోపమిన్ అనే మెదడు రసాయనం రెండో దారి కణాలను మందగింపజేస్తుంది. అసలే తగ్గిపోయిన కణాలను డోపమిన్ ఇంకా అణిచిపెడుతుంది. డోపమిన్‌ను తగ్గిస్తే మిగిలిన కణాలు కాస్త తేరుకుంటాయి, పట్టు కొంత తిరిగి వస్తుంది. టెట్రాబెనజిన్ అనే మందు చేసేది ఇదే. నాడీకణంలో డోపమిన్‌ను సంచుల్లోకి నింపే వీమ్యాట్2 అనే పంపును అది ఆపుతుంది. అమెరికాలో దానికి 2008లో అనుమతి వచ్చింది. అదే కోవలోని డ్యూటెట్రాబెనజిన్ 2017లో వచ్చింది. ఇవి కొరియాను తగ్గిస్తాయి, కణాల చావును ఆపవు. పైగా కుంగుబాటును పెంచగలవు. హంటింగ్టన్ 1872లోనే రాసిన ఆత్మహత్య మాట ఇక్కడ గుర్తుంచుకోవాలి. కదలికలు రోగికి పెద్దగా అడ్డం కానప్పుడు, చూసేవాళ్ల కళ్లకే బాధ అయినప్పుడు, మందు వేయకపోవడమే మేలు కావచ్చు. నిజానికి చాలా కుటుంబాలు ఎక్కువగా నలిగిపోయేది కొరియాతో కాదు, దానికంటే ముందే మొదలయ్యే కోపం, నిరాసక్తత, పని క్రమం తప్పడం వల్ల.

గుర్తుపట్టడం, అంకె చదవడం

నాడీ వైద్యులు చేసే పరీక్షలు చూడ్డానికి సాదాగా ఉంటాయి. నాలుక బయటపెట్టి పది సెకన్లు అలాగే ఉంచమంటే ఉంచలేరు, లోపలికి జారిపోతుంది. రెండు వేళ్లు పట్టుకుని నొక్కమంటే పట్టు బిగుస్తూ, సడలుతూ ఉంటుంది, పాలు పితుకుతున్నట్టు. ఒక వస్తువు మీంచి ఇంకో వస్తువు మీదికి చూపు మార్చమంటే రెప్ప కొట్టకుండానో, తల విదల్చకుండానో మార్చలేరు. ఎమ్మారైలో కాడేట్ ఉబ్బు పోయి చదునుగా కనిపిస్తుంది.

కొరియా అంతా హంటింగ్టన్ కాదు. పిల్లల్లో గొంతునొప్పి తర్వాత కీళ్ల జ్వరంతో పాటు వచ్చే సిడెన్‌హామ్ కొరియా వారాల్లో మొదలై నెలల్లో తగ్గుతుంది. షుగరు విపరీతంగా పెరిగిన ముసలివాళ్లలో ఉన్నట్టుండి ఒక వైపు చెయ్యీ కాలూ ఆడతాయి, షుగరు అదుపులోకి వస్తే చాలావరకు తగ్గుతుంది. మానసిక జబ్బులకు ఏళ్ల తరబడి మందులు వాడినవాళ్లలో నోరు, నాలుక కదులుతాయి. ఇక్కడ ఒక చిక్కుంది. హంటింగ్టన్ మొదట మానసిక జబ్బులా కనిపించి ఆ మందులే వాడి ఉంటే, కదలికలు మందు వల్లనే అనుకుని అసలు జబ్బు ఏళ్ల తరబడి దాగిపోతుంది.

తేల్చేది రక్తంలోని డీఎన్‌ఏ పరీక్ష. పీసీఆర్ పద్ధతిలో ఆ వరుసను లక్షల ప్రతులు చేసి పొడవు కొలుస్తారు. రెండు ప్రతులకు గ్రాఫులో రెండు శిఖరాలు రావాలి. ఒక్కటే వస్తే రెండు అర్థాలున్నాయి. రెండు ప్రతులూ ఒకే పొడవు ఉండి ఉండవచ్చు, అది మామూలే. లేదా రెండోది మరీ పొడవుగా ఉండటం వల్ల పీసీఆర్‌కు చిక్కలేదు. చిన్న పిల్లల్లో ఈ రెండోది ప్రమాదకరమైన పొరపాటు. ఒక్క శిఖరం చూసి నార్మల్ అని రాసేయకుండా, పొడవైన వరుసలను పట్టే ప్రత్యేక పీసీఆర్ చేసి నిర్ధారించుకోవాలి.

ఆ కుటుంబంలో ఇంకొకరు మిగిలారు. మనవడి అక్క, ఇరవై రెండేళ్ల అమ్మాయి. ఏ లక్షణమూ లేదు. ఆమెకు ఆ వరుస అందిందా లేదా అన్నది సగానికి సగం. లక్షణాలు లేని మైనర్లకు ఈ పరీక్ష చేయకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే పద్ధతి. పెద్దవాళ్లకు కూడా ముందు కౌన్సెలింగ్, తర్వాత ఆలోచించుకోవడానికి వ్యవధి, ఫలితం నేరుగా చెప్పడం, ఆ తర్వాత మళ్లీ కలవడం అనే వరుసలో చేస్తారు. అన్నీ తెలిసి కూడా పరీక్ష వద్దనుకునేవాళ్లు చాలామంది. ఆమె అలా వద్దనుకుంటే అది అజ్ఞానం కాదు. ఫలితం 44 అని వచ్చినా ఏ ఏడు మొదలవుతుందో అది చెప్పదు. రక్తంలోని అంకె పుట్టినప్పటి అంకెకు దగ్గరిది, స్ట్రయేటంలో ఇప్పుడు ఎంతైందో దానికి తెలియదు.

పిల్లలు కావాలని, తన సంగతి మాత్రం తెలుసుకోవద్దని ఆమె అనుకుంటే దానికీ ఒక దారి ఉంది. ఐవీఎఫ్‌లో పిండాలను పరీక్షించి, తాత నుంచి వచ్చిన ఆ క్రోమోజోమ్ ముక్క లేని పిండాన్నే ఎంచి గర్భంలో పెడతారు. ఎన్ని పిండాల్లో ఉంది, ఎన్నింట్లో లేదు అన్నది ఆమెకు చెప్పరు. ఎందుకంటే ఒక్క పిండంలో జబ్బు వరుస ఉందని తెలిసినా, తనకూ ఉందని ఆమెకు తెలిసిపోతుంది.